చిప్పు ఇచ్చే వాంగ్మూలం

ఆఫీసు లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టారు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా ఇచ్చారు. అయినా "మీ పరికరం కంపెనీ నిబంధనలకు తగినట్టు లేదు" అంటూ తలుపు మూసుకుపోతుంది. హైదరాబాద్‌లో కూర్చుని ఇంటినుంచి పనిచేసేవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. మనం మనమేనని రుజువు చేసుకున్నాం కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. సర్వర్‌కి కావలసింది ఇంకొకటి: ఈ యంత్రం నమ్మదగినదేనా?

ఆ సంగతి లాప్‌టాప్‌నే అడిగితే లాభం లేదు. "నీలో దొంగ ప్రోగ్రాం ఏమైనా ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది విండోసే. ఆ విండోసే దొంగ చేతిలో ఉంటే "అబ్బే, ఏమీ లేదు" అనే చెబుతుంది.

ఇది ఊహ కాదు. బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్‌ను ఈసెట్ సంస్థ పరిశోధకులు 2023 మార్చిలో బయటపెట్టారు. అప్పటికే దాన్ని దొంగ మార్కెట్లో 5,000 డాలర్లకు అమ్ముతున్నారు. అప్‌డేట్లన్నీ వేసుకుని, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న విండోస్ 11 మీద కూడా అది పనిచేసింది. సెక్యూర్ బూట్ అంటే, నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాంను బూట్ సమయంలో నడవనివ్వని ఏర్పాటు. బ్లాక్‌లోటస్ మైక్రోసాఫ్ట్ సంతకమే ఉన్న పాత బూట్ ఫైల్ ఒకటి వెంట తెచ్చుకుంది. అందులోని లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జనవరిలోనే సరిచేసింది. కానీ పాత ఫైళ్ల సంతకాలను మాత్రం రద్దు చేయలేదు. అలా రద్దు చేస్తే పాత ఇన్‌స్టలేషన్, రికవరీ డిస్కులు బూట్ కాకుండా పోతాయి. ఆ సందులోంచి దూరిన బ్లాక్‌లోటస్ తన సొంత తాళంచెవిని నమ్మకమైన చెవుల జాబితాలో చేర్చుకుని, బిట్‌లాకర్‌నీ డిఫెండర్‌నీ పడుకోబెట్టింది.

సెక్యూర్ బూట్ అడిగేది "సంతకం ఉందా?" అని మాత్రమే. ఏ ఫైల్ నడిచిందో రాసిపెట్టే బాధ్యత టీపీఎం అనే చిన్న చిప్పుది. విండోస్ 11 నడవాలంటే ఉండి తీరాలని 2021లో మైక్రోసాఫ్ట్ పట్టుబట్టింది దీని గురించే.

పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది తర్వాతి ప్రోగ్రాంను నడిపించే ముందు దాని హాష్ లెక్కగట్టి టీపీఎంకి అప్పగిస్తుంది. హాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకె. ఫైల్లో ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోతుంది. ఆ ప్రోగ్రాం మళ్లీ తన తర్వాతి దాన్ని కొలుస్తుంది. ఇలా వచ్చిన కొలతలను దాచే గదులను పీసీఆర్‌లంటారు. మామూలు పీసీలో 24 ఉంటాయి. సున్నా నంబరు గదిలో ఫర్మ్‌వేర్, నాలుగులో బూట్ లోడర్, ఏడులో సెక్యూర్ బూట్ అమరికలు చేరతాయి.

ఈ గదిలో మనకు నచ్చిన విలువ రాయడానికి వీల్లేదు. కొత్త కొలత వచ్చినప్పుడల్లా చిప్పు చేసేది ఇంతే:

```
PCR = SHA-256(PCR || కొలత)
```

అంటే పాత విలువ పక్కన కొత్త కొలతను చేర్చి, మొత్తానికీ మళ్లీ హాష్ తీస్తుంది. ఒకసారి చేరినదాన్ని వెనక్కి తీయలేం. యంత్రం మళ్లీ మొదలైతే తప్ప బూట్ కొలతల గదులు ఖాళీ కావు. ఒక ప్రోగ్రాం దొంగదైనా సరే, నడవకముందే దాని కొలత లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. నడిచాక అది ఎన్ని అబద్ధాలు ఆడినా ఆ కొలత చెరగదు. నా దృష్టిలో ఈ ఏర్పాటు మొత్తంలో అసలు తెలివి ఇదే.

ఇక సర్వర్ పని. లాప్‌టాప్ నెట్‌వర్క్‌లోకి రాబోయినప్పుడు సర్వర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. చిప్పు ఆ సంఖ్యనీ పీసీఆర్ విలువల సారాన్నీ కలిపి, తన రహస్య తాళంచెవితో సంతకం పెట్టి ఇస్తుంది. సంఖ్య ప్రతిసారీ కొత్తది కాబట్టి నిన్నటి మంచి వాంగ్మూలాన్ని ఇవాళ మళ్లీ చూపించడం కుదరదు. ఆ రహస్య చెవి చిప్పు దాటి బయటికి రాదు, చిప్పు స్వయంగా తయారుచేసిన సమాచారం మీద తప్ప సంతకం పెట్టదు. వైరస్ ఓ దొంగ నివేదిక రాసి "దీనిమీద సంతకం పెట్టు" అన్నా చెల్లదు.

సంతకంతో పాటు లాప్‌టాప్ బూట్ చిట్టాను కూడా పంపుతుంది. విండోస్ దాన్ని `C:\Windows\Logs\MeasuredBoot` ఫోల్డర్లో దాస్తుంది. ఏ కొలత ఏ ఫైల్‌దో అందులో వరసగా ఉంటుంది. చిట్టా మామూలు ఫైలే, ఎవరైనా దిద్దవచ్చు. అందుకే సర్వర్ దాన్ని గుడ్డిగా నమ్మదు. సున్నాతో మొదలుపెట్టి చిట్టాలోని కొలతలను ఒక్కొక్కటిగా పై సూత్రంలో వేసుకుంటూ వెళ్తుంది. చివరికి వచ్చిన విలువ చిప్పు సంతకం చేసినదానితో సరిపోవాలి.

బ్లాక్‌లోటస్ సోకిన లాప్‌టాప్‌ను ఇలా పరీక్షించామనుకోండి. విండోస్ మాత్రమే ఉండాల్సిన యంత్రం చిట్టాలో `grubx64.efi` అనే పేరు కనిపిస్తుంది. అది లినక్స్ వాడే బూట్ లోడర్ పేరు, ఆ బూట్‌కిట్ వేసుకున్న వేషం. నాలుగో గది విలువ మారిపోతుంది. ఆ వరసను చిట్టాలోంచి కొట్టేస్తే లెక్క తప్పుతుంది, ఉంచితే పేరు దొరికిపోతుంది. రెండు దారుల్లోనూ సర్వర్ గేటు తీయదు.

అయితే గేటు దగ్గర పట్టుబడేవాళ్లలో ఎక్కువమంది అమాయకులే. బయోస్ అప్‌డేట్ వేస్తే సున్నా గది విలువ మారుతుంది. సొంత ఫర్మ్‌వేర్ ఉన్న డాకింగ్ స్టేషన్ తగిలించి బూట్ చేస్తే రెండో గది మారవచ్చు. "ఈ అంకె ఉంటేనే లోపలికి" అని నియమం పెట్టుకున్న కంపెనీకి అప్‌డేట్ మర్నాడు హెల్ప్‌డెస్క్ ఫోన్లు ఆగవు. అనుభవమున్న బృందాలు అంకెను కాకుండా చిట్టాలోని ఒక్కొక్క అంశాన్ని చూసి, తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ కొలతలను ముందే జాబితాలో చేర్చుకుంటాయి.

ఈ వాంగ్మూలం బూట్ సమయానిదన్న సంగతి కూడా మరవకూడదు. బిట్‌లాకర్‌ను పొద్దున్న ఆన్ చేసినా, మళ్లీ బూట్ అయ్యేదాకా చిట్టాలో పాత స్థితే ఉంటుంది. హెల్ప్‌డెస్క్ వాళ్లు "సార్, ఒక్కసారి రీస్టార్ట్ చేయండి" అనేది అందుకే. ఇదే బలహీనత కూడా. శుభ్రంగా బూటైన లాప్‌టాప్‌లో మధ్యాహ్నం ఎవరో పంపిన ఫైల్ తెరిచి వైరస్ తెచ్చుకుంటే ఈ పద్ధతికి తెలియదు.

ఇంకో మోసం ఉంది. సోకిన లాప్‌టాప్ సర్వర్ పంపిన సంఖ్యను పక్కనున్న మంచి లాప్‌టాప్‌కి చేరవేసి, దాని చిప్పు చేత సంతకం పెట్టించి, తనదిగా పంపవచ్చు. బ్రయన్ పార్నో అనే పరిశోధకుడు 2008లో దీనికి కోకిల దాడి అని పేరు పెట్టాడు. విరుగుడుగా, లాప్‌టాప్‌ను ఉద్యోగికి ఇచ్చేముందే దాని చిప్పు తాళంచెవిని సర్వర్‌లో నమోదు చేయాలి. నెట్‌వర్క్‌లోకి రావడానికి వాడే సర్టిఫికెట్ చెవి కూడా అదే చిప్పులో పుట్టి ఉండాలి. ఈ రెండో పని చేయని కంపెనీ గేటు మీద కాపలా పెట్టి గోడ వదిలేసినట్టే.

మీ లాప్‌టాప్‌ను సర్వర్ తిప్పిపంపితే చికాకుపడి బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపకండి. అప్పుడు ఏడో గది కూడా మారి వ్యవహారం ఇంకా ముదురుతుంది. ముందు డాక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ కుదరకపోతే ఈమధ్య ఏ అప్‌డేట్ వేశారో, కొత్తగా ఏం తగిలించారో హెల్ప్‌డెస్క్‌కి చెప్పండి. చిట్టాలో ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలుస్తుంది.