సి షిఫ్టు వద్దు, ఎత్తు వద్దు, పని కావాలి

ఆ ఫిట్టరుకు 29 ఏళ్లు. ఒక రసాయనాల ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పని. ఫిట్స్ మొదలై ఏడాదిన్నర అయింది. నా దగ్గరికి వచ్చేనాటికే మరో డాక్టరుగారు రాసిచ్చిన ఉత్తరం అతని చేతిలో ఉంది. అందులో ఉన్నవి రెండే ముక్కలు: ‘ఈయనకు మూర్ఛవ్యాధి ఉంది. తేలికపాటి పని ఇవ్వగలరు.’ ఆఫీసువాళ్లు అది చదివి, ‘ఇక్కడ తేలికపాటి పనులేమీ లేవు, పూర్తిగా నయమయ్యాక రా’ అని ఇంటికి పంపేశారు. 19 రోజులుగా జీతం లేదు.

ఆ డాక్టరుగారు మంచికే రాశారు. యాజమాన్యానికి మాత్రం అందులో మరొకటి కనిపించింది: ఈ మనిషి ఎప్పుడు పడిపోతాడో తెలియదు, ఏ పనికి పంపినా పూచీ మన మీదే. ఏ పని చేయకూడదో, ఏ పని నిక్షేపంగా చేయగలడో ఆ కాగితంలో లేదు. లేనప్పుడు వాళ్లకు అన్నిటికంటే సులువైన దారి గేటు బయట నిలబెట్టడమే.

“నన్ను తీసేయకుండా ఏదన్నా రాయండి సార్” అన్నాడు. రాసే ముందు షిఫ్టుల చార్టు తెమ్మన్నాను. ఫిట్స్ వచ్చిన రోజులను అతని భార్య గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టింది. రెండూ పక్కపక్కన పరిచాం. మొత్తం నాలుగు ఫిట్స్. మూడు సి షిఫ్టు వారంలోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పని చేసి ఇంటికొచ్చిన కొద్ది గంటల్లోనే. నాలుగోది బి షిఫ్టు దిగి రాత్రి 11కి ఇల్లు చేరి, మళ్లీ తెల్లవారుజామున 4కే లేచి ఎ షిఫ్టుకు వెళ్లిన రోజున. అంటే అదీ నిద్ర చెడిన రోజే.

నిద్ర చాలకపోతే మెదడులో విద్యుత్తు అదుపు తప్పడం తేలికవుతుంది. అనుమానం తీరనప్పుడు రోగిని రాత్రంతా మేలుకోబెట్టి మరీ ఈఈజీ తీయించేది అందుకే. ఇతని విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. లెవెటిరాసిటమ్ మాత్ర ఉదయం 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి వేసుకోవాలి. సి షిఫ్టు నుంచి ఇల్లు చేరేది 7 గంటలకు. అలసటకు అలాగే పడుకుని మధ్యాహ్నం 2కి లేస్తాడు. 12 గంటల ఎడం 18 అయింది. ఆ మందు రక్తంలో సుమారు 7 గంటలకోసారి సగానికి తగ్గుతుంది. 12 గంటలయ్యేసరికి మూడో వంతుకు కాస్త తక్కువ మిగులుతుంది, 18 అయ్యేసరికి ఆరో వంతు. నిద్ర లేని మెదడుకు మందు కూడా కరవైన పూట ఫిట్స్ వచ్చాయి. అలారం పెట్టుకుని మాత్ర వేసుకోమని అతనికి చెప్పాను. కానీ అలారం మాత్రను సరిచేస్తుంది, నిద్రను తెచ్చివ్వదు.

ఎత్తు సంగతి పూర్తిగా వేరు. ఎత్తెక్కినంత మాత్రాన ఫిట్స్ రాదు. వస్తే మాత్రం నేల మీద నాలుక కొరుక్కోవడంతో పోయేది అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రి షిఫ్టు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, ఎత్తు వచ్చిన ఫిట్స్‌కు చెల్లించాల్సిన మూల్యాన్ని పెంచుతుంది. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపి ‘రిస్కు పనులు వద్దు’ అని రాస్తే చదివేవారికి ఏదీ అర్థం కాదు. సేఫ్టీ బెల్టు ఉందిగా అని సేఫ్టీ ఆఫీసర్లు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. బెల్టు నేల మీద పడకుండా ఆపుతుంది. కానీ స్పృహ లేని మనిషి బెల్టుకు వేలాడుతూ ఉండిపోతే కాళ్లలోకి రక్తం దిగిపోయి, కొద్ది నిమిషాల్లోనే అదే ప్రాణాపాయం కావచ్చు. పైపు ర్యాకు మీద నుంచి అంత త్వరగా దించడం ఎవరి తరం?

చివరికి నేను రాసింది ఇంగ్లీషులో. తెలుగులో దాని సారం ఇది:

‘ఈ ఉద్యోగి అనుమతితో రాస్తున్నాను. ఇతను నా దగ్గర చికిత్సలో ఉన్నారు. కింది రెండు పరిమితులతో ఉద్యోగం చేయడానికి తగినవారు. ఒకటి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు డ్యూటీ వేయవద్దు. ఎ, బి, జనరల్ షిఫ్టులు చేయగలరు. అయితే ఒక డ్యూటీకీ మరో డ్యూటీకీ మధ్య 12 గంటల విరామం ఉండాలి. గత నాలుగు సంఘటనలూ నిద్ర తక్కువైన వెంటనే జరిగినవే. రెండు, నిచ్చెనలు, పరంజాలు, పైపు ర్యాకులు, కంచె లేని ట్యాంకులు, గోతుల అంచుల దగ్గర పని ఇవ్వవద్దు. రెయిలింగ్ ఉన్న మెట్లు వాడవచ్చు. వర్క్‌షాపులో పంపులు, వాల్వులు విప్పి బాగుచేసే పని నేల మీద నిలబడి యథాతథంగా చేయగలరు. 6 నెలల తర్వాత మళ్లీ పరీక్షించి తెలియజేస్తాను.’

కింద సంతకం, తేదీ, నా రిజిస్ట్రేషన్ నంబరు. నకలు నా దగ్గర.

ఇందులో ‘మూర్ఛ’ అన్న మాట లేదని మీరు గమనించే ఉంటారు. రోగి ఒప్పుకోనిదే జబ్బు పేరు బయటపెట్టే హక్కు డాక్టరుకు లేదు. షిఫ్టు వేసే గుమాస్తాకు జబ్బు పేరుతో పని లేదు, ఏ డ్యూటీ వేయకూడదో తెలిస్తే చాలు. అతని అంగీకారంతో జబ్బు పేరు, మందులు, క్యాలెండరు వివరాలు వేరే కాగితం మీద రాసి, కవరు అతికించి ఫ్యాక్టరీ డాక్టరు పేర పంపాను. పక్కన పనిచేసే ఇద్దరికి చెప్పుకోవడం మేలని అతనికి చెప్పాను. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టకూడదని, నోట్లో ఏమీ కుక్కకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి కదా.

చట్టం పేరు ఎందుకు ఎత్తలేదని ఒక యూనియన్ నాయకుడు అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మూర్ఛ పేరు విడిగా లేదు. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద వస్తుందా రాదా అన్నది ఒక్కో మనిషి పరిస్థితిని బట్టి వాదించాల్సిన విషయం. లేని హక్కును ఉత్తరంలో రాస్తే, ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తారు. వైద్యుడి ఉత్తరానికి బలం వైద్యంలోనే ఉండాలని నా నమ్మకం.

నేను రాయనిది ఇంకొకటి ఉంది. ‘ఇక ఫిట్స్ రావు’ అని పూచీ ఇవ్వమని మేనేజరు ఫోన్లో అడిగారు. ఇవ్వలేనన్నాను. మందులతో చాలామందికి అదుపులోకి వస్తాయి, ఇతనికి వస్తాయో లేదో కాలమే చెప్పాలి. ఆరు నెలలు గడిచినంత మాత్రాన ఎత్తు పని తిరిగి ఇవ్వమని కూడా రాయను. ఆ తేదీ పరీక్షకే తప్ప అనుమతికి కాదు.

ఫ్యాక్టరీ డాక్టరు రెండు కాగితాలూ చదివి పిలిపించుకున్నారు. తొమ్మిదో రోజున అతణ్ని వర్క్‌షాపు జనరల్ షిఫ్టులోకి మార్చారు. నైట్ అలవెన్సు పోయింది, నెల జీతంలో ఆ లోటు ఇంట్లో తెలుస్తూనే ఉంది. ఈ సంగతి ఉత్తరం రాయకముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను, తెలిసే ఒప్పుకున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఉత్తరం అవసరమైతే డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. మూడు నెలల షిఫ్టు చార్టు, ఫిట్స్ వచ్చిన తేదీలు, వేళలు, రోజూ చేసే పనులు ఒక్కొక్కటిగా రాసిన కాగితం పట్టుకెళ్లండి.