ఎనిమిది గంటలకు ఒకటి అంటే రోజుకు ఎన్ని?

మందుల షాపువాళ్ళు ఇచ్చిన కాగితం కవరు మీద "8 గంటలకు ఒకటి, 5 రోజులు" అని ఉందనుకోండి. రాసినవారి లెక్కలో అది ఎనిమిదేసి గంటల తేడాతో రోజుకు మూడు మాత్రలు. ఇంటికి తెచ్చుకున్నవారు పొద్దున ఎనిమిదింటికి ఒకటి వేసుకుని ఊరుకోవచ్చు. మరొకరు పొద్దున ఎనిమిదింటికి ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి వేసుకోవచ్చు. వాళ్ళెవరికీ తెలుగు రాక కాదు. "గంటలకు" అన్నప్పుడు గడియారంలో వేళ అనీ అర్థం వస్తుంది, ఇన్ని గంటలకోసారి అనీ వస్తుంది. ఆ మందు అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ అయితే, మూడు పడాల్సిన చోట ఒకటే పడి జ్వరం తగ్గదు. వారం తిరక్కుండా మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుంది.

డాక్టరు రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకి మార్చితే సరిపోదు. భాగహారం చేసే పని రోగికి మిగల్చకుండా, ఏ వేళకు ఎన్నో విడివిడిగా రాయాలి:

పొద్దున 6 గంటలప్పుడు: 1 మాత్ర
మధ్యాహ్నం 2 గంటలప్పుడు: 1 మాత్ర
రాత్రి 10 గంటలప్పుడు: 1 మాత్ర
జూన్ 3 నుంచి జూన్ 7 వరకు. మొత్తం 15 మాత్రలు. ఒక్కటి కూడా మిగలకూడదు.

చివరి వరుస తనిఖీకి పనికొస్తుంది. మూడో రోజు రాత్రి మాత్ర వేసుకున్నాక 6 మిగిలితే అంతా సవ్యంగా ఉన్నట్టు. 12 కనిపిస్తే రోజుకు ఒకటే వేసుకుంటున్నారని ఇంట్లో ఎవరైనా పట్టేయగలరు.

చదవడం వేరు, చేయడం వేరు అని తేల్చిన అధ్యయనం ఒకటి అమెరికాలో 2006లో అచ్చయింది. రోజుకు రెండుసార్లు, రెండేసి మాత్రలు వేసుకోమన్న లేబుల్‌ను రోగుల చేతికిచ్చారు. చదువు తక్కువ ఉన్నవారిలో సుమారు 71 శాతం మంది దాన్ని సరిగానే చెప్పారు. ఒక రోజుకు ఎన్ని మాత్రలో తీసి చూపించమంటే నాలుగు తీసినవారు 35 శాతమే. మన దగ్గర "రోజుకు 2 మాత్రలు 2 సార్లు" అని రాస్తే చిక్కు ఇంకా ఎక్కువ. రోజు మొత్తానికి రెండా, పూటకు రెండా? "పొద్దున 2, రాత్రి 2, రోజు మొత్తానికి 4" అని రాస్తే ఆ సందేహం రాదు. చీటీల మీద 1-0-1 మన జనానికి బాగా అలవాటే. షాపువాళ్ళు హడావుడిలో స్ట్రిప్పు మీద ఒట్టి "2" అని గీసిచ్చినప్పుడే తంటా. అది రెండుసార్లా, రెండు మాత్రలా అన్నది గీసినవారికే తెలుసు.

సగం మాత్రను "1/2" అని రాసినా ఇదే గొడవ. ఒకటో రెండో వేసుకోమన్నారని అనుకునేవారుంటారు. "అర" అని రాస్తే, మనవడు చదువుతుంటే వినే అవ్వ చెవికి "ఆరు" అని సోకవచ్చు. "సగం మాత్ర" అంటే చదివినా విన్నా ఒకటే. "భోజనం తర్వాత" అన్నదీ అంతే. పొద్దున ఇడ్లీ తినేవారికి అది టిఫిను, భోజనం కాదు. కాబట్టి ఆ మాత్రను మధ్యాహ్నానికి జరిపేస్తారు. "పొద్దున టిఫిను తిన్నాక" అని రాయడమే మేలు.

"అవసరమైతే వేసుకోండి" అన్న సలహాలో మూడు సంగతులు కొరవడుతున్నాయి: ఎప్పుడు అవసరం, మళ్ళీ ఎప్పుడు వేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి. పెద్దవారికి పారాసిటమాల్ 650 రాసిచ్చినప్పుడు ఇలా ఉండొచ్చు: "జ్వరం 100 దాటితేనే 1 మాత్ర. వేసుకున్నాక 6 గంటలు గడవనిదే ఇంకొకటి వద్దు. పొద్దున లేచింది మొదలు మర్నాడు పొద్దుటి దాకా 4కు మించకూడదు. ఈ మందే ఉన్న జలుబు మాత్రలు వేరేగా వేసుకోవద్దు."

డిశ్చార్జి కాగితంలో మరింత కష్టమైనది తగ్గిస్తూ ఆపాల్సిన స్టెరాయిడ్. "తగ్గించుకుంటూ ఆపండి" అని ఊరుకుంటే నాలుగు రోజులకే ఆపేసేవారుంటారు, నెలల తరబడి మింగేవారూ ఉంటారు. వారాల పాటు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే వాంతులు, నీరసం మొదలై బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరు ప్రెడ్నిసొలోన్‌ను వారానికో మెట్టు చొప్పున 20, 10, 5 మిల్లీగ్రాములుగా తగ్గించమన్నారనుకుందాం. షాపులో దొరికినవి 10 మిల్లీగ్రాముల మాత్రలు. కాగితం మీద మిల్లీగ్రాములు కాకుండా మాత్రలు, తేదీలు కనబడాలి:

జూన్ 3 నుంచి 9 వరకు: రోజూ పొద్దున తిన్నాక 2 మాత్రలు
జూన్ 10 నుంచి 16 వరకు: రోజూ పొద్దున తిన్నాక 1 మాత్ర
జూన్ 17 నుంచి 23 వరకు: రోజూ పొద్దున తిన్నాక సగం మాత్ర
జూన్ 24 నుంచి: ఈ మందు వేసుకోవద్దు

మొత్తం ఇరవై నాలుగున్నర మాత్రలు, అంటే 25 కొనాలి. షాపులో 5 మిల్లీగ్రాముల మాత్రలు దొరికితే ఈ కాగితం పనికిరాదు. లెక్క మార్చి మళ్ళీ రాయాల్సిందే. అందుకే మాత్ర బలం కూడా కాగితం మీద ఉండాలి.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు మెథోట్రెక్సేట్ దగ్గర జరుగుతుంది. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు దీన్ని వారంలో ఒక్క రోజే వేసుకోవాలి. మిగతా మందులన్నీ రోజూ వేసుకునే చేతికి ఇదీ రోజువారీ మందే అనిపిస్తుంది. రోజూ పడితే రక్తకణాలు పడిపోతాయి. నోటి పూత, గొంతు నొప్పితో జ్వరం, చర్మం మీద నెత్తురు మచ్చలు కనిపిస్తే మందు ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. "వారానికి 3 మాత్రలు" అని రాసినా ప్రమాదమే. సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కొక్కటి అనుకోవచ్చు. "బుధవారం రాత్రి 3 మాత్రలు ఒకేసారి. మిగతా 6 రోజులు ఈ మందు ముట్టుకోకూడదు" అని రోజు పేరు పెట్టి, వద్దన్న మాట కూడా కలిపి రాయాలి. దీంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ వేరే రోజైతే దాని రోజునూ అలాగే పేరుపెట్టి, వేరే కవరులో పెట్టాలి.

పసిపిల్లల మందులో "ఒక చెంచా" అన్న మాటే రాయకూడదు. పారాసిటమాల్ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుంటే, చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటాయి. సిరప్ కోసం చెప్పిన 5 మిల్లీలీటర్ల చెంచాతో చుక్కల మందు పోస్తే 125 పడాల్సిన చోట 500 పడుతుంది. ఏ సీసాయో పేరు రాసి, సూది లేని సిరంజి మీద ఎక్కడి దాకా తీయాలో పెన్నుతో గీత గీసి ఇవ్వాలి.

ఇంత రాసినా, "అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఆఁ, అర్థమైందండీ" అంటారు. డిశ్చార్జి చేసే నర్సు సంచీలో మందులన్నీ బల్ల మీద పోసి, "అమ్మా, ఈ రాత్రికి ఏవి వేసుకుంటారో తీసి చూపించండి. బుధవారం రాత్రికి ఏవి?" అని అడగాలి. తప్పు తీస్తే రోగిని కసురుకోకుండా కాగితాన్ని తిరగరాయాలి. ఇంట్లో ఉన్న పాత మందులనూ తెప్పించి, "ఈ బీపీ మాత్ర పాతదాని బదులు, పాతది ఇక వద్దు" అని పక్కనే రాయాలి. పేరు మారిన అదే మందును రెండూ మింగేవారు దొరికేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే.