ఏడు బస్సుల లెక్క

ఐదో తరగతి లెక్కల పరీక్షలో ఈ ప్రశ్న వచ్చిందనుకుందాం. “విహారయాత్రకు బయలుదేరుచున్న 156 మంది విద్యార్థులకు, ఒక్కొక్క దానిలో 24 మంది చొప్పున ప్రయాణించగల మినీ బస్సులను ఏర్పాటు చేయవలసి ఉండగా, కనీసం ఎన్ని బస్సులు అవసరమగును?”

బడి హైదరాబాద్ శివార్లలో ఉంది. ఆ తరగతిలో స్థానికుల పిల్లలతో పాటు పాలమూరు నుంచి పనులకు వచ్చినవాళ్ల పిల్లలున్నారు. కొందరి ఇళ్లలో ఉర్దూ, కొందరి ఇళ్లలో లంబాడీ మాట్లాడతారు. ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. పరీక్ష అయ్యాక పేపర్లు దిద్దితే సరైన జవాబు 7 కొన్నింటిలోనే కనిపిస్తుంది. మిగతావాటిలో ఒకరు 3744 వేశారు, ఒకరు 180 వేశారు. ఇంకొకరు 6 దగ్గర ఆగిపోయారు, మరొకరు “6, శేషం 12” అని రాశారు. ఒక అబ్బాయి 4 అన్నాడు.

ఎర్ర పెన్ను వీటన్నింటికీ ఒకే ఇంటూ గుర్తు పెడుతుంది, అన్నింటికీ సున్నాయే. కానీ ఈ ఐదు తప్పులూ ఐదు వేర్వేరు చోట్ల పుట్టాయి. వాటిలో రెండింటికి భాగహారం రాకపోవడానికీ సంబంధమే లేకపోవచ్చు. ఏ తప్పు ఎక్కడ పుట్టిందో తెలియకుండా ప్రశ్నలో రవి పేరు తీసి సల్మా పేరు పెట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. పాఠ్యపుస్తకాల్లో అన్ని వర్గాల పేర్లూ ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే పిల్లలు తట్టుకుని పడేది ఎక్కువగా పేరు దగ్గర కాదు.

ఎక్కడ పడుతున్నారో కనుక్కోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. 1970లలో ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ దాన్ని రూపొందించారు. తప్పు చేసిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అదే లెక్క మళ్లీ ఇస్తారు. వరసగా ఐదు మాటలు అడుగుతారు. ఇది పైకి చదువమ్మా. ఇందులో ఏం అడిగారో నీ మాటల్లో చెప్పు. ఎలా చేద్దామనుకుంటున్నావు? ఇప్పుడు చేసి చూపించు. జవాబు రాయి. ఈ ఐదు మెట్లలో పిల్ల మొదట ఏ మెట్టు మీద ఆగిందో అదే అసలు ఇబ్బంది. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. తరగతిలో అందరినీ అడగనక్కర్లేదు, ఒక్కో రకం తప్పుకు ఒకరిని అడిగితే చాలు.

3744 వేసిన అమ్మాయి సంగతి చూద్దాం. “బయలుదేరుచున్న” అన్నచోట కూడబలుక్కుంటుంది, “ఏర్పాటు చేయవలసి ఉండగా” దగ్గరకు వచ్చేసరికి మొదట చదివింది మరిచిపోతుంది. ఏం అడిగారమ్మా అంటే, “ఏమో సార్, చొప్పున అని ఉంది, గుణించిన” అంటుంది. పాపం ఆమె తప్పేం లేదు. పెన్ను 5 రూపాయల చొప్పున 12 పెన్నులెంత అనే లెక్కలు చేయించినప్పుడు, “చొప్పున” కనిపిస్తే గుణకారం అని మనమే చెప్పి ఉంటాం. వాక్యం అర్థం కాని పిల్లకు ఆ ఒక్క మాటే ఆధారం. అదే మాట ఇక్కడ భాగహారానికి దారి తీయాలి. 180 వేసిన పిల్లవాడు ఆ మాత్రం ఆధారం కూడా దొరక్క రెండు అంకెలనూ కూడేశాడు. వీళ్లిద్దరూ రెండో మెట్టు దగ్గరే ఆగిపోయారు. వాళ్లకు లెక్క ఇంకా మొదలే కాలేదు.

ఇప్పుడు ప్రశ్నను విడగొట్టి చూద్దాం. మొత్తం ఒకే వాక్యం. ఎవరు, ఎక్కడికి, ఎలాంటి బస్సు, ఏం చేయాలి, ఎన్ని కావాలి అన్నీ అందులోనే దూరాయి. “ప్రయాణించగల” అనే విశేషణం బస్సులకు ముందే వచ్చి కూర్చుంది. “అవసరమగును” లాంటి క్రియ ఏ ఇంట్లోనూ వినపడదు. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లకు ఇది కొంచెం బరువు. తెలుగు బడిలోనే నేర్చుకుంటున్న ఒడియా పిల్లకు ఆ బరువే పరీక్ష అవుతుంది. మరి మనం పరీక్షించాలనుకున్నది ఏమిటి? శేషం వచ్చే భాగహారం, ఆ శేషాన్ని ఏం చేయాలన్న ఆలోచన. ఈ రెండింటినీ ముట్టుకోకుండా మిగతాదంతా తేలిక చేయాలి.

“156 మంది పిల్లలు జూపార్కుకు వెళ్తున్నారు. అందరూ ఒకేసారి బస్సుల్లో వెళ్లాలి. ఒక్కో బస్సులో 24 సీట్లు ఉన్నాయి. ఒక సీటులో ఒక్కరే కూర్చోవాలి. తక్కువలో తక్కువ ఎన్ని బస్సులు కావాలి?”

ప్రశ్న పొట్టిగా కాలేదు, ఇంకాస్త పెరిగింది. తేలిక చేయడమంటే కత్తిరించడం అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతి ఉంది, అది జరిగే వరసలోనే ఉంది. క్రియలు వాడుకలోవి. ప్రశ్న చివర్లో విడిగా నిలబడింది. అంకెలు మాత్రం అవే.

అమెరికాలో జమాల్ అబేదీ, కరోల్ లార్డ్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఇలాంటి పనే చేశారు. అక్కడి జాతీయ పరీక్షలోని లెక్కలను తీసుకుని, గణితం మారకుండా వాక్యాలను మాత్రమే సడలించి, వెయ్యికి పైగా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చారు. మార్కుల్లో తేడా వచ్చింది కానీ పెద్దదేం కాదు. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకు, పేదింటి పిల్లలకు, గణితంలో వెనకబడినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. తేడా చిన్నదన్న సంగతి గుర్తుంచుకోవాలి. వాక్యం సడలిస్తే దారి తెరుచుకుంటుందే గానీ భాగహారం దానంతటది రాదు.

ప్రశ్న అడిగే తీరు ఒక్కటి మార్చినా ఎంత తేడా వస్తుందో 1983లో టామ్ హడ్సన్ ప్రచురించిన పరిశోధన చెబుతుంది. చిన్నపిల్లలకు బొమ్మలో కొన్ని పక్షులు, కొన్ని పురుగులు చూపించారు. పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ అని అడిగితే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మంది సరిగ్గా చెప్పారు. ఒక్కో పక్షీ ఒక్కో పురుగు కోసం పోటీ పడితే ఎన్నింటికి పురుగు దొరకదు అని అడిగితే అందరూ చెప్పారు. ఆ పిల్లలకు లెక్క ముందే వచ్చు. “కంటే ఎన్ని ఎక్కువ” అన్న కట్టే వాళ్లకు కొత్త.

దీన్నిబట్టి “కంటే”, “చొప్పున”, “కనీసం” లాంటి మాటలను లెక్కల్లోంచి తీసేయమని మాత్రం నేననను. పై తరగతుల్లో గణితమంతా ఆ మాటల మీదే నడుస్తుంది. వాటిని దాచిపెడితే ఆ పిల్లలకు మరో రకంగా అన్యాయం చేసినట్టే. “విహారయాత్ర”, “సమకూర్చవలసి”, “అగును” పోయినా నష్టం లేదు. “చొప్పున” మాత్రం ఉండాలి. అది గుణకారానికీ భాగహారానికీ రెండింటికీ ఎలా వస్తుందో పక్కపక్కన చూపించి నేర్పాలి. ఆ పాఠంలో పిల్లలు తమలో తాము ఉర్దూలోనో లంబాడీలోనో చెప్పుకుంటే చెప్పుకోనివ్వాలి. ఒకే ఇంటిభాష ఉన్న ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి, ఏం అడిగారో వాళ్ల భాషలో చెప్పుకున్నాకే పలక తీయమంటే రెండో మెట్టు చాలామంది దాటేస్తారు.

ఇక 4 అన్న అబ్బాయి. ఇతని కథ వేరు. వాక్యం గడగడా చదివాడు, అడిగిందేమిటో చెప్పాడు. ఎలా చేశావంటే, “సార్, మా ఊరి బస్సుల సీట్లు ఇరవై నాలుగే ఉంటయి గనీ నలభై మంది ఎక్కుతరు. నాలుగు బస్సులైతే నూట అరవై మంది పడతరు” అన్నాడు. 40 చొప్పున నాలుగు బస్సులంటే 160. అతని గుణకారం సరిగ్గా ఉంది, తర్కమూ సరిగ్గా ఉంది. ఒక మనిషికి ఒక సీటు అన్న నియమం ప్రశ్నలో ఎక్కడా లేదు. సొంత కారులోనో స్కూలు బస్సులోనో తిరిగే పిల్లలకు ఆ నియమం చెప్పకుండానే తెలుసు. ఏడుగురు పట్టే ఆటోలో పన్నెండు మంది ఎక్కే దారుల్లో పెరిగినవాడు దాన్ని ఎందుకు ఊహించుకోవాలి?

ఇంగ్లండులో బారీ కూపర్, మరీడ్ డన్ 2000లో వెలువరించిన పుస్తకంలో ఇదే విషయం మీద పరిశోధన ఉంది. అక్కడి జాతీయ పరీక్షలో ఒక లిఫ్టు లెక్క ఉండేది. లిఫ్టులో 14 మంది పడతారు, పొద్దున 269 మంది పైకెళ్లాలి, లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కాలి? జవాబు 20. ప్రతిసారీ లిఫ్టు నిండుతుందనీ, ఎవరూ మెట్లెక్కి వెళ్లరనీ పిల్లలే అనుకోవాలి. కానీ చివరిసారి మాత్రం నిండకపోయినా లెక్కలోకి వస్తుంది. నిజజీవితాన్ని ఎంతవరకు తీసుకోవాలో, ఎక్కడ వదిలేయాలో చెప్పకుండా గ్రహించాలన్నమాట. నిజజీవితం వేషం వేసుకున్న ఇలాంటి ప్రశ్నల్లో, ఉత్త అంకెల ప్రశ్నలతో పోలిస్తే, శ్రామిక కుటుంబాల పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకున్నట్టు వాళ్లు గమనించారు. పిల్లలకు తెలిసిన సందర్భం పెడితే చాలు, పక్షపాతం పోతుందన్న నమ్మకం మీద నాకు అనుమానం మొదలైంది ఇక్కడే. తెలిసిన సందర్భం అయ్యేకొద్దీ పిల్లలు దానిలోకి తమ అనుభవాన్ని తెస్తారు. తేవాలి కూడా. వాళ్లు తెచ్చినదానికి ప్రశ్నలో చోటుందా అన్నదే చూసుకోవాలి.

దానికి రెండు దారులున్నాయి. మొదటిది నియమాన్ని పైకే చెప్పడం. పైన “ఒక సీటులో ఒక్కరే కూర్చోవాలి”, “అందరూ ఒకేసారి” అన్న వాక్యాలు అందుకే చేర్చాం. రెండోది, “ఎందుకలా అనుకున్నావో ఒక వాక్యంలో రాయి” అని అడిగి ఆ వాక్యానికీ మార్కులివ్వడం. మూడు మార్కుల ప్రశ్న అయితే ఏ లెక్క చేయాలో గుర్తించినందుకు ఒకటి, సరిగ్గా చేసినందుకు ఒకటి, చివరి అంకె ఎందుకొచ్చిందో చెప్పినందుకు ఒకటి ఇవ్వవచ్చు. అప్పుడు నలభై మంది ఎక్కుతారని రాసిన అబ్బాయికి సున్నా రాదు.

“6, శేషం 12” రాసినవాళ్లు మరో కొసన ఉన్నారు. అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన బస్సు లెక్క ఒకటి గణిత బోధకుల్లో బాగా పేరుపడింది. 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గా చేశారు. 32 అని రాసినవాళ్లు మాత్రం 23 శాతమే. 29 శాతం మంది “31, శేషం 12” అని రాసి ఊరుకున్నారు. శేషం అంటే రోడ్డు మీద నిలబడిపోయిన 12 మంది మనుషులని వాళ్లకు తట్టలేదు. ఇది ఇంటిభాష వల్ల వచ్చింది కాదు. లెక్క వేరు, లోకం వేరు అని అలవాటు చేసిన బోధన వల్ల వచ్చింది.

ఏది భాష తప్పో, ఏది లెక్క తప్పో తరగతిలోనే తేల్చుకోవచ్చు. పాత ప్రశ్న ఒక కాగితం మీద, విడగొట్టిన ప్రశ్న మరో కాగితం మీద రాసి, తరగతిని హాజరు పట్టీ వరసన కాకుండా కలగలిపి రెండు సగాలు చేసి పంచాలి. వారం తర్వాత అంకెలు మార్చి, కాగితాలు అటూ ఇటూ మార్చి ఇవ్వాలి. అంకెలు మార్చినా శేషం వచ్చేలా చూసుకోవాలి. పాత ప్రశ్నలో 3744 లాంటివి రాసి, కొత్త ప్రశ్నలో భాగహారం చేసినవాళ్లు భాష దగ్గర ఆగినవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లకూ మాట్లాడనివాళ్లకూ మధ్య తేడా కొత్త కాగితంలో తగ్గితే, అంతమేరకు పాత ప్రశ్న పక్షపాతం చూపినట్టే. రెండు కాగితాల్లోనూ “శేషం” దగ్గరే ఆగిపోయినవాళ్లకు వాక్యాలు ఎన్నిసార్లు తిరగరాసినా ఉపయోగం లేదు. వాళ్లలో 14 మందిని లేపి, బెంచీకి నలుగురి చొప్పున కూర్చోమని చెప్పి, మిగిలిన ఇద్దరూ ఎక్కడ కూర్చోవాలో వాళ్లనే అడగాలి.