చూసింది ఎందరు? ఎన్నిసార్లు? స్పందన ఎంత?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునే ఒక గృహిణి ఉన్నారనుకుందాం. మామిడికాయల కాలం మొదలవగానే ఆమె రెండు పోస్టులు పెట్టారు. ఒకటి ఆవకాయ జాడీల ఫొటో, పక్కనే ధరలు. దాన్ని 1,500 రూపాయలు పెట్టి ప్రకటనగా నడిపారు. రెండోది ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు, నూనె పట్టించి జాడీకెత్తే వీడియో. దానికి పైసా ఖర్చు పెట్టలేదు. వారం తర్వాత ఆమె ముందున్న ప్రశ్న ఒక్కటే: రెండింటిలో ఏది బాగా పనిచేసింది?

జవాబు చెప్పాలంటే మూడు అంకెలను విడివిడిగా చదవాలి. పోస్టు ఎన్ని ఖాతాలకు చేరిందో చెప్పేది రీచ్. ఒకే ఖాతా పదిసార్లు చూసినా ఇక్కడ ఒకటిగానే లెక్క. మొత్తం ఎన్నిసార్లు తెర మీద కనిపించిందో చెప్పేది ఇంప్రెషన్స్. పదిసార్లు కనిపిస్తే పది. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు మామూలు పోస్టులకు ఇంప్రెషన్స్ బదులు వ్యూస్ చూపిస్తోంది. అందులోనూ మళ్లీ మళ్లీ చూసినవి కలుస్తాయి. ఇక లైకులు, కామెంట్లు, షేర్లు, సేవ్‌లు అన్నీ కూడి, రీచ్‌తో భాగించి, వందతో గుణిస్తే వచ్చేది ఎంగేజ్‌మెంట్ రేటు.

జాడీల ప్రకటన 12,000 మందికి చేరి, 30,000 సార్లు కనిపించి, 240 స్పందనలు తెచ్చిందనుకుందాం. రేటు 2 శాతం. వీడియో 3,000 మందికే చేరింది, 3,900 సార్లు కనిపించింది, కానీ స్పందనలు 270. రేటు 9 శాతం. ఒక లెక్కలో ప్రకటన గెలిచింది, మరో లెక్కలో వీడియో గెలిచింది.

కొత్తవాళ్లకు తన పేరు తెలియాలన్నది ఆమె కోరికైతే చూడాల్సింది రీచ్. అందులోనూ ఫాలోవర్లు కానివాళ్లు ఎందరన్నది ముఖ్యం. పార్సిల్ పంపగలిగే ఊళ్లవాళ్లేనా అన్నది అంతకన్నా ముఖ్యం. పంపలేని చోట వచ్చిన రీచ్ వల్ల ఆర్డర్లు రావు.

తెలిసినవాళ్లకే గుర్తుచేయాలంటే ఇంప్రెషన్స్ పనికొస్తాయి. వాటిని రీచ్‌తో భాగిస్తే సగటున ఒక్కొక్కరు ఎన్నిసార్లు చూశారో తెలుస్తుంది. ఇక్కడ 30,000ను 12,000తో భాగిస్తే రెండున్నర. ఖర్చు తేల్చుకోవడానికీ ఇదే ఆధారం: వెయ్యి ఇంప్రెషన్స్‌కు 50 రూపాయలు పడింది. ఈ సగటు రోజురోజుకూ పెరుగుతూ స్పందన తగ్గుతుంటే, చూసినవాళ్లకే చూపించి విసిగిస్తున్నామని అర్థం. అప్పుడు ఫొటో అయినా మార్చాలి, చూపించే జనాన్నయినా మార్చాలి.

పెట్టిన విషయం జనానికి పట్టిందా లేదా అన్నది ఎంగేజ్‌మెంట్ రేటు చెబుతుంది. తర్వాత ఎలాంటి వీడియో తీయాలో, ప్రచారానికి ఏ ఇన్‌ఫ్లుయెన్సర్‌ను అడగాలో తేల్చుకోవడానికి ఇది వాడాలి. లైకు కొట్టడానికి క్షణం చాలు. సేవ్ చేసుకున్నవారు మళ్లీ చూద్దామనుకున్నారు, షేర్ చేసినవారు ఇంకొకరికి చెప్పారు. అందుకే ఆ 270లో సేవ్‌లూ షేర్లూ ఎన్నో విడిగా చూడాలి.

ఈ రేటు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అవే 270 స్పందనలను 9,000 మంది ఫాలోవర్లతో భాగిస్తే 3 శాతం, ఇంప్రెషన్స్‌తో భాగిస్తే దాదాపు 7 శాతం. మూడూ ఎంగేజ్‌మెంట్ రేట్లుగానే చలామణీ అవుతాయి. ఎవరైనా తమ రేటు చెబితే, దేనితో భాగించారని ముందు అడగండి. చేరింది 40 మందికే అయి, అందులో 12 మంది బంధువులు లైకు కొడితే రేటు 30 శాతం. దాన్ని చూసి సంబరపడలేం. కొత్తవాళ్లకు చేరేకొద్దీ రేటు కొంత తగ్గడం మామూలే. అందుకని డబ్బు పెట్టిన ప్రకటననూ పెట్టని వీడియోనూ ఒకే గాటన కట్టకూడదు.

రీచ్‌తోనూ ఒక జాగ్రత్త ఉంది. సోమవారం 2,000, మంగళవారం 2,000 వస్తే రెండు రోజుల రీచ్ 4,000 అని కూడకూడదు. రెండు రోజులూ చూసినవాళ్లు రెండుసార్లు లెక్కకొస్తారు. ఇన్‌సైట్స్‌లో ఆ రెండు తేదీలూ ఎంచుకుని మొత్తం చూడాలి. ఇంప్రెషన్స్‌ను మాత్రం కూడవచ్చు.

ఈ మూడింటిలో ఏదీ అమ్మకం చెప్పదు. 9 శాతం స్పందన వచ్చిన వీడియోకు ఒక్క ఆర్డరూ రాకపోవచ్చు. ఆర్డరిచ్చిన ప్రతివారినీ "మా సంగతి ఏ పోస్టులో చూశారండీ?" అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే ఆ లోటు తీరుతుంది. పోస్టు పెట్టేముందే అది పరిచయానికా, గుర్తుచేయడానికా, స్పందనకా, అమ్మకానికా అని ఆ పుస్తకంలో ఒక ముక్క రాసిపెట్టుకోండి. వారం తర్వాత ఏ అంకె చూడాలో ఆ ముక్కే చెబుతుంది.