దుంగ అమ్మేముందు పావు చుట్టు లెక్క తెలుసుకోండి

మల్బరీ తోట గట్టు మీద సిల్వర్ ఓక్, వేప చెట్లు మనలో చాలామందికి ఉంటాయి. వాటిని సా మిల్లుకు అమ్మితే దుంగను సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగుల లెక్కన కొంటారు. రేటు కోసం గంటసేపు బేరం ఆడతాం గానీ టేపు ఎక్కడ పెట్టారో చూడం. డబ్బు పోయేది అక్కడే.

లెక్క ఇది. దుంగ నడిమధ్యన చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోవాల. దాన్ని 4తో భాగించాల. వచ్చిన అంకెను దానితోనే గుణించి, పొడుగు ఎన్ని అడుగులో దానితో గుణించి, 144తో భాగించాల.

10 అడుగుల దుంగ, నడుమ చుట్టు 48 అంగుళాలు అనుకుందాం. పావు వంతు 12. 12 ఇంటూ 12 అంటే 144. దాన్ని 10తో గుణిస్తే 1440. 144తో భాగిస్తే 10 సీఎఫ్టీ. అడుగు రేటు 500 రూపాయలైతే 5000 రావాల.

అదే దుంగకు సన్న కొసన టేపు పెడితే చుట్టు 44 వస్తుంది అనుకోండి. పావు 11, లెక్క 8.4 సీఎఫ్టీ. డబ్బు 4200. టేపులో తగ్గింది 4 అంగుళాలే, పోయింది 800 రూపాయలు. పావును రెండుసార్లు గుణిస్తాం కదా, అందుకే చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. పావు 11.75 వస్తే దాన్ని 11 చేసి రాసుకున్నా ఇదే కథ. పాయింట్లు వదలకుండా రాయమనండి.

ఇంకో సంగతి. నడుమ 48 అంగుళాల చుట్టు ఉన్న ఆ దుంగలో నిజంగా ఉండే కట్టె సుమారు 12.7 సీఎఫ్టీ. పావు చుట్టు లెక్కలో వచ్చేది 10. అంటే నూటికి 21 పైచిలుకు ముందే తగ్గిపోయింది. గుండ్రని దుంగను పలకలుగా కోస్తే పక్క చెక్కలు, పొట్టు పోతాయని ఆ తగ్గింపు లెక్కలోనే ఉంది. కాబట్టి మిల్లువాళ్లు మళ్లీ "కోత వేస్టేజీ నూటికి 10" అంటే ఒప్పుకోవద్దు. అది ఒకే దానికి రెండుసార్లు కోయడం.

బెరడుకు తగ్గించడం మాత్రం న్యాయమే. అర అంగుళం మందం బెరడు ఉంటే చుట్టులో సుమారు 3 అంగుళాలు తేడా వస్తుంది. అందాజుగా తగ్గించనీకుండా, నడుమ బెత్తెడు వెడల్పున చుట్టూ బెరడు చెక్కి, కట్టె మీదే టేపు పెట్టించండి. దుంగ కొసల్లో తొర్ర, కుళ్లు కనిపిస్తే దానికీ తగ్గింపు ఇవ్వాల్సిందే.

లారీకి ఎక్కించకముందే ప్రతి దుంగ మీద నడుమ చుట్టు, పొడుగు సుద్దతో రాసి, ఫోటో తీసి పెట్టుకోండి. రేటు మాట్లాడేటప్పుడే "నడుమ కొలత, బెరడు తీసి, వేరే వేస్టేజీ లేదు" అని ఖరారు చేసుకోండి. దుంగ మిల్లులో దిగినాక ఆ మాట చెల్లదు.