పత్తి రైతు క్యాలెండర్: తేదీ కాదు, తెరిపి చూసి పని

మృగశిర కార్తె మొదట్లో ఒక మంచి వాన పడుతుంది. పక్క చేనులో విత్తనం వేస్తుంటారు. చూసి ఊరుకోలేక మనమూ వేసేస్తాం. ఆ తర్వాత పన్నెండు రోజులు చినుకు లేకపోతే మొలక మాడిపోతుంది. 2025లో బీజీ-2 పత్తి విత్తనం ప్యాకెట్ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్ల లెక్కన నాలుగెకరాలకు ఏడు వేలు దాటుతుంది. కూలి ఖర్చు దీనికి అదనం. మళ్లీ విత్తాల్సి వస్తే ఇదంతా రెండోసారి పెట్టాలి.

అందుకే వర్షాధారపు పత్తిలో విత్తే రోజును తేదీ నిర్ణయించదు, నేలలోని పదును నిర్ణయిస్తుంది. తేలిక నేలల్లో మొత్తం 60, నల్లరేగడిలో 75 మిల్లీమీటర్ల దాకా వాన పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉమ్మడి వరంగల్ వైపు నాలుగెకరాల నల్లరేగడి ఉన్న రైతు వానల లెక్క రాసుకుంటున్నాడు. జూన్ 12న 18, 17న 25, 22న 34 మిల్లీమీటర్లు పడ్డాయి. కలిపితే 77. రెండు రోజులు ఆగి, నేల కాలికి అంటుకోకుండా ఆరాక, జూన్ 24న ఆరుద్ర కార్తెలో విత్తాడు.

క్యాలెండర్ మొదలయ్యేది ఇక్కడి నుంచే. జూన్ 24 మొదలు ప్రతి పనినీ విత్తాక ఎన్నో రోజని లెక్కించాలి. నత్రజని ఎరువును 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా వేయాలి. అంటే జులై 14, ఆగస్టు 3, ఆగస్టు 23, సెప్టెంబరు 12. వాన ఆలస్యమై జులై 12న విత్తితే ఇవన్నీ 18 రోజులు వెనక్కి జరుగుతాయి. అయితే విత్తే గడువు మాత్రం జరగదు. జులై 20 దాటినా పదును రాకపోతే పత్తి ఆలోచన మాని కందికి మారాలి. ఆ ‘కుదరకపోతే ఏం చేయాలి’ అన్నది జూన్‌లోనే రాసిపెట్టుకోవాలి. గడువు దాటాక, అప్పు చేసి కొన్న విత్తనం చేతిలో ఉంటే, మనసు సరిగా లెక్క వేయదు.

కాబట్టి కాగితం మీద ఐదు గళ్లు గీసుకుంటే చాలు: పని, ఎప్పటి నుంచి, ఎప్పటిలోగా, ఏ షరతు మీద, కుదరకపోతే ఏమిటి. మొదటి దఫా యూరియా ఎదురుగా ‘జులై 12 నుంచి 21 లోగా, నేలలో పదును ఉండాలి, పెద్ద వాన సూచన ఉండకూడదు’ అని రాస్తాం. ఆ పది రోజుల్లో ఏ రోజన్నది వాతావరణ శాఖ సలహా బులెటిన్ చూసి తేల్చుకోవచ్చు. జిల్లాల వారీ సలహా మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. వచ్చే ఐదు రోజుల సూచన అందులో ఉంటుంది. ‘మేఘదూత్’ యాప్‌లోనూ చూడవచ్చు. ఐదు రోజుల సూచనతో సీజన్ మొత్తానికి ప్రణాళిక వేయలేం. గడువు లోపల పనిని రెండు రోజులు ముందుకో వెనక్కో జరపడానికి మాత్రం అది చాలు.

మరి గడువు ఎంత పొడవుండాలి? మందు కొట్టే పని తీసుకుని లెక్కిద్దాం. ఎకరానికి 200 లీటర్ల ద్రావణం అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండు పదమూడు. ట్యాంకుకు ఇరవై నిమిషాలు వేసినా ఎకరానికి నాలుగు గంటలు దాటుతుంది. గాలి తక్కువగా ఉండే ఉదయం, సాయంత్రం వేళల్లోనే కొట్టాలి గనుక ఒక మనిషి రోజుకు ఎకరంన్నర కంటే ఎక్కువ చేయలేడు. అంటే నాలుగెకరాలకు మూడు రోజులు. ఆగస్టులో పది రోజులకు నాలుగు వాన రోజులని, కొట్టిన మందు ఆకు మీద ఆరడానికి నాలుగు నుంచి ఆరు గంటల తెరిపి కావాలని అనుకుంటే, పది రోజుల్లో నికరంగా పనికొచ్చేవి ఐదే. అంటే మూడు రోజుల పనికి క్యాలెండర్‌లో ఆరు రోజులు కేటాయించాలి. పురుగు ఆరు రోజులు ఆగదనిపిస్తే రెండో పంపును, రెండో మనిషిని ముందే మాట్లాడుకోవాలి. అప్పుడు రోజున్నరలో పని అయిపోతుంది, మూడు రోజులు చాలు.

మందు కొట్టే తేదీని మాత్రం క్యాలెండర్‌లో రాయకూడదు. అక్కడ రాయాల్సింది చేను చూసే తేదీ. 45వ రోజున, అంటే ఆగస్టు 8న, గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టాలి. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితేనో, వంద పూలలో పది గుడ్డి పూలు కనిపిస్తేనో మన ఆరు రోజుల లెక్క మొదలవుతుంది. అంతకు ముందు కొడితే డబ్బు దండగ.

నాలుగు రోజులు ముసురు పట్టి వదిలిందనుకోండి, ఆగిన పనులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడు ఏది ముందన్నది ఆరే వరస చూస్తే తెలుస్తుంది. మొదట చేలో నిలిచిన నీటిని కాలువ తీసి బయటికి పంపాలి. తర్వాత ఆకు ఆరుతుంది, మందు అవసరం ఉంటే అది కొట్టొచ్చు. ఆ తర్వాత నేల అడుగు పెట్టనిస్తుంది, యూరియా వేయొచ్చు. చివరికి పదునుకొచ్చాక గుంటక తోలొచ్చు. బురదలో గుంటక తోలితే మట్టి ముద్దకట్టుకుపోతుంది, కలుపు చావదు.

బెట్టకు కూడా ఇదే లెక్క తిప్పి వేయాలి. పూత, కాయ దశలో వాన లేక ఆకులు మధ్యాహ్నం వాలి సాయంత్రానికీ తేరుకోకపోతే తడి ఇవ్వాలి. మన బోరు సాలు విడిచి సాలు తడిపితే రోజుకు ఎకరం పారుతుందనుకుందాం. నాలుగో ఎకరానికి నీళ్లు చేరేది నాలుగో రోజు. కాబట్టి చేనంతా వాలేదాకా ఆగకుండా, ముందుగా వాడే తేలిక చెలకలో ఆకు వాలగానే మోటారు వేయాలి. ఒకటి రెండు రోజుల్లో పెద్ద వాన సూచన ఉంటే మాత్రం ఆగడం మేలు. తడిపిన నల్లరేగడి మీద వాన కురిస్తే నీరు నిలిచి గూడ రాలుతుంది.

చివరి దశ అమ్మకం. 125 రోజులకు, అంటే అక్టోబరు 27 ప్రాంతంలో మొదటి ఏరుడు. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కూడా అదే. మొదటి ఏరుడులో 12 క్వింటాళ్లు వస్తాయని, మనిషి రోజుకు 30 కిలోలు తీస్తారని అనుకుంటే పది మంది కూలీలకు నాలుగు రోజుల పని. వాయుగుండం సూచన వస్తే పూర్తిగా విచ్చిన పత్తిని ముందే తీయించాలి. సగం విచ్చిన కాయల జోలికి పోకూడదు. ఏరేది మంచు ఆరాకే.

ఏరడానికీ అమ్మకానికీ మధ్య ఆరబెట్టే రోజులు తప్పనిసరి. భారత పత్తి సంస్థ మద్దతు ధర పూర్తిగా ఇచ్చేది తేమ 8 శాతం ఉంటేనే. ఆపైన ప్రతి శాతానికీ ఒక శాతం ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు. 12 శాతం తేమతో తీసుకెళ్తే క్వింటాలుకు 324 రూపాయలు, 12 క్వింటాళ్లకు దాదాపు 3900 పోతుంది. అక్టోబరు 27న మొదలైన ఏరుడు 30న ముగిస్తే, మూడు రోజులు ఆరబెట్టడానికి, రెండు రోజులు మబ్బుకు వదిలి, నవంబరు 5కు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ తీసుకోవడం మంచిది. తడిసిన పత్తిని పొడి పత్తితో కలపకుండా వేరుగా పోయాలి.

ఈ కాగితంలో ఆరో గడి ఒకటి ఖాళీగా వదలండి. పని నిజంగా జరిగిన తేదీని అందులో రాయండి. ఆరు రోజులనుకున్న మందు పని తొమ్మిది రోజులు పట్టిందా? ఆ తొమ్మిదే వచ్చే ఏటికి మీ చేను లెక్క.