సెకండ్ హ్యాండ్ గాగుల్స్: ఫొటోలో ఏం చూడాలి, చేతికొచ్చాక ఏం చూడాలి?

మన చానల్ చూసే ఒక తమ్ముడు మొన్న మూడు ఫొటోలు పంపాడు. పాత వస్తువులు అమ్మే యాప్‌లో రే-బాన్ ఏవియేటర్ ఒకటి కనపడిందట. అమ్మే ఆయన కింద ఇలా రాశాడు: "మా నాన్నగారివి, 1985లో కొన్నవి, పోలరైజ్డ్, ఒరిజినల్." "అన్నా, తీసుకోనా?" అని తమ్ముడి ప్రశ్న. ఈ ఎపిసోడ్‌లో ఆ మూడు ఫొటోలనే చూద్దాం. ఎలా చూడాలో ఒకసారి తెలిస్తే వేరే ఫ్రేమ్‌లకూ అదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి ఫొటో కాడ లోపలి వైపుది. కాడ అంటే చెవి మీదకి వెళ్ళే పొడుగు భాగం, షాపులో టెంపుల్ అంటారు. జూమ్ చేస్తే దాని మీద ఇలా ఉంది:

RB3025 L0205 58□14 3N

ఒక్కో ముక్కా విడదీసి చదువుదాం. RB3025 అనేది మోడల్ నంబరు, అంటే పెద్ద సైజు మెటల్ ఏవియేటర్. L0205 రంగు కోడ్. బంగారు రంగు ఫ్రేమ్, ఆకుపచ్చ జీ-15 అద్దం అని దానర్థం. 58 అంటే ఒక్కో అద్దం వెడల్పు, 14 అంటే రెండు అద్దాల మధ్య దూరం. రెండూ మిల్లీమీటర్లలోనే. మధ్యలో ఉన్న చిన్న చదరం, ఈ కొలతలు అద్దం చుట్టూ ఒక పెట్టె గీసినట్టు ఊహించి తీసుకున్నవని చెప్పే గుర్తు. చివర 3N ఉంది కదా, అందులో 3 నలుపు స్థాయి. దీన్ని 0 నుంచి 4 దాకా లెక్కేస్తారు. మూడో స్థాయి అద్దం వెలుతురులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి రానిస్తుంది. ఎండలో తిరగడానికి సరిపోతుంది. నాలుగో స్థాయి మరీ నల్లగా ఉంటుంది, అది పెట్టుకుని బండి నడపకూడదు. ఇక N అంటే మామూలు అద్దం. పోలరైజ్డ్ అయితే అక్కడ 3P ఉండాలి.

ఇప్పుడు అమ్మే ఆయన మాటలు దీని పక్కన పెట్టి చూడండి. పోలరైజ్డ్ అన్నాడు, కాడ మీద కాదని ఉంది. 1985 అన్నాడు. అప్పట్లో రే-బాన్ బాష్ అండ్ లాంబ్ అనే అమెరికా కంపెనీది. 1999లో ఆ బ్రాండ్‌ని ఇటలీకి చెందిన లక్సోటికా కొనేసింది. RB అని మొదలయ్యే ఈ మోడల్ నంబర్లు లక్సోటికా కాలంనాటివి. బాష్ అండ్ లాంబ్ కాలంనాటి మెటల్ ఏవియేటర్ అయితే ముక్కు పైన ఉండే బ్రిడ్జ్ మీద B&L RAY-BAN U.S.A. అని ఉంటుంది, అద్దం అంచున BL అని సన్నగా చెక్కి ఉంటుంది. కాబట్టి ఇవి 1985 నాటివి కావు. అలాగని డూప్లికేట్ అని కూడా ఇప్పుడే అనలేం. చెప్పిన కథ తప్పు అని మాత్రం తేలింది. పాతకాలపు వస్తువు అని ఎక్కువ రేటు అడిగితే మాత్రం ఇవ్వొద్దు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కాడ మీద రాతని ఎవరైనా కాపీ కొట్టొచ్చు, నకిలీ వాడు కూడా ఇవే అక్షరాలు వేస్తాడు. అందుకే రాసిందీ వస్తువూ కలుస్తున్నాయా అని చూడాలి. దానికి రెండో ఫొటో, ముందు నుంచి తీసింది. ఏవియేటర్‌కి రెండు కడ్డీలుంటాయి. ఒకటి ముక్కు మీద, ఇంకొకటి దాని పైన. ఇప్పుడు ఫోన్ స్క్రీన్ మీద స్కేలు పెట్టండి. అద్దం వెడల్పు కొలవండి, తర్వాత రెండు అద్దాలూ ఎక్కడ బాగా దగ్గరకొస్తాయో అక్కడి ఖాళీ కొలవండి. 58ని 14తో భాగిస్తే నాలుగు చిల్లర వస్తుంది. మన తమ్ముడి ఫొటోలో అద్దం 50, ఖాళీ 13 వచ్చాయి, అంటే 3.8. అద్దం అంచు కొంచెం రిమ్ లోపల దాక్కుంటుంది కాబట్టి ఈ కాస్త తేడా ఓకే. అదే మూడో, రెండున్నరో వస్తే ఆ 58□14 ఊరికే అచ్చేసిన అంకె అని అనుమానించాలి. ఫొటో పక్క నుంచి తీసి ఉంటే ఈ లెక్క పనిచేయదు. తిన్నగా ముందు నుంచి తీసింది అడిగి తెప్పించుకోండి.

మూడో ఫొటో హింజ్‌ది, అంటే కాడ మడిచే కీలు. ఈ మోడల్‌లో అది మెటల్‌తో చేసి, ఫ్రేమ్‌కి అతికి, మధ్యలో చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది. అతుకు దగ్గర జిగురు మరకలు, గరుకు అంచులు, ఒక వైపు కీలు ఒకలా ఇంకో వైపు ఇంకోలా ఉంటే అది మంచి పని కాదు. అక్కడే అద్దం అంచున RB అని సన్నగా చెక్కి ఉండాలి. తమ్ముడి ఫొటోలో కీలు శుభ్రంగా ఉంది కానీ, మసక వల్ల ఆ అక్షరాలు కనపడలేదు. "వెలుతురులో పక్కకి వంచి, దగ్గర నుంచి ఇంకో ఫొటో పంపండి" అని అడగమన్నాను.

ఫొటో ఇక్కడి దాకానే ఉపయోగపడుతుంది. అద్దం క్వాలిటీ ఫొటోలో కనపడదు. మన కళ్ళకి అసలు ముఖ్యమైంది అదే.

ఎందుకంటే నలుపు వేరు, యూవీని ఆపడం వేరు. నల్లటి అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. ఆ అద్దం యూవీని ఆపకపోతే, అద్దాలు లేనప్పటి కంటే ఎక్కువ యూవీ కంట్లోకి వెళ్ళే అవకాశం ఉంది. UV400 అనే స్టిక్కర్ కేవలం స్టిక్కరే. అలాగని చవక అద్దాలన్నీ చెత్త అని కాదు. పాలీకార్బనేట్ ప్లాస్టిక్ సహజంగానే యూవీని బాగా ఆపుతుంది. అందుకే రేటు చూసి తేల్చకూడదు, కొలిపించాలి. యూవీ మీటర్ ఉన్న ఆప్టికల్ షాపులో ఒక్క నిమిషం పని. ఇంట్లో అయితే నోట్లు చెక్ చేసే యూవీ టార్చ్ తీసుకోండి. నోటు మీద నంబర్లు ఆ వెలుగులో మెరుస్తాయి. మధ్యలో అద్దం అడ్డం పెడితే ఆ మెరుపు పోవాలి. ఇది అంచనా మాత్రమే. చవక టార్చ్‌లు కంటికి కనపడే ఊదా వెలుగు కూడా వదులుతాయి కాబట్టి ఫైనల్ మాట మీటర్‌దే. టార్చ్‌ని మాత్రం కళ్ళలోకి కొట్టుకోకండి.

ఇంకో రెండు పరీక్షలు ఫ్రీగా చేసుకోవచ్చు. అద్దాన్ని చెయ్యి చాచి పట్టుకుని, దాంట్లోంచి కిటికీ ఊచలు చూస్తూ మెల్లగా అటూ ఇటూ కదపండి. ఊచలు తిన్నగా ఉండాలి. నీళ్ళలో చూసినట్టు వంకర్లు పోతే ఆ అద్దం సరిగ్గా తయారవ్వలేదు, ఎక్కువసేపు పెట్టుకుంటే తలనొప్పి రావచ్చు. పవర్ ఉన్న అద్దాలకి ఈ పరీక్ష వర్తించదు, వాటిలో గీతలు ఎలాగూ జరుగుతాయి.

రెండోది, లాప్‌టాప్ స్క్రీన్ ముందు అద్దాన్ని గుండ్రంగా తిప్పండి. పోలరైజ్డ్ అయితే ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది. కొన్ని ఫోన్లలో ఇది సరిగ్గా తెలియదు, అందుకే లాప్‌టాప్ అన్నాను. మన తమ్ముడి కేసులో నల్లబడకూడదు, కాడ మీద 3N ఉంది కదా! నల్లబడితే అద్దాలు మార్చి ఉండాలి, లేదా ఆ రాత అబద్ధం.

తమ్ముడికి నేను చెప్పింది ఇదే: 1985 రేటు ఇవ్వకు. RB అక్షరాల ఫొటో వచ్చాకే మాట్లాడు. చేతికి తీసుకుని ఊచలు, లాప్‌టాప్, మీటర్ మూడూ చూశాకే డబ్బులివ్వు. "ముందు పే చేయండి" అంటే వదిలెయ్. మీ దగ్గరున్న వాటి కాడ మీద ఏం రాసి ఉందో కామెంట్లలో పెట్టండి, కలిసి చదువుదాం. ఉంటాను మరి!